636 రూపాయల లెక్క: ఒక పోస్ట్‌పెయిడ్ బిల్లు, రెండు ఉత్తరాలు

ఏప్రిల్ 18న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన అరండల్‌పేటలో మా ఆఫీసుకి వచ్చారు. చేతిలో ఫోన్ బిల్లు, దాని మీద ఆయన ఫోన్ కంపెనీకి రాసుకున్న ఉత్తరం, కంపెనీ పంపిన జవాబు ఉన్నాయి. పన్ను లెక్కలు నా వృత్తి. ఫోన్ బిల్లుల తగాదాలు మాత్రం పదకొండేళ్లుగా రుసుము లేకుండా చూస్తున్నాను. అందుకే ఎవరో నా పేరు చెప్పి పంపారు.

"ప్రతి నెలా 589 రూపాయలు కట్టేవాణ్ణి బాబూ. ఈసారి 1,339 వేశారు. నేను ఫారిన్‌కి ఫోన్ చెయ్యలేదు, సినిమాలు చూడలేదు, ఆటలు ఆడలేదు. నా డబ్బు నాకు ఇప్పించు" అన్నారు.

బిల్లు మార్చి 8 నుంచి ఏప్రిల్ 7 వరకు. నెల అద్దె 499 రూపాయలు. దాని కింద 'వినియోగ చార్జీలు' అని 440, 'ఇతర సేవలు' అని 196. మొత్తం 1,135 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ 204.30 వేసి 1,339.30 చేశారు. ఆ 440లో ఏముందో, ఆ 196 ఏ సేవలకో ఎక్కడా లేదు. అంటే పెద్దాయనకి అంతుపట్టనిది 636 రూపాయలు, పన్నుతో కలిపితే 750.48.

మొదటి ఉత్తరం ఎందుకు తిరిగొచ్చింది

ఆయన రాసిన ఉత్తరం ఒకటిన్నర పేజీ ఉంది. పదిహేనేళ్లుగా మీ కస్టమర్‌ని, నన్ను మోసం చేశారు, వెంటనే డబ్బు వాపసు ఇవ్వకపోతే కోర్టుకి వెళ్తాను అన్నది సారాంశం. కోపం న్యాయమైనదే. అయితే ఉత్తరం అంతా వెతికినా అందులో ఒక్క ప్రశ్న లేదు. ప్రశ్న లేని ఉత్తరానికి జవాబు రాయడం కంపెనీకి చాలా తేలిక. నాలుగు రోజుల్లో వచ్చింది: 'మీ చార్జీలు మీ వినియోగం ప్రకారం సరిగ్గానే ఉన్నాయి.' అంతే.

ఆ ఉత్తరంలో ఇంకో రెండు లోపాలున్నాయి. ఒకటి, ఫిర్యాదు సంఖ్య లేదు. ఫోన్ కంపెనీలకి 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం, ఫిర్యాదు మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు కావాలి. అప్పుడు ఒక సంఖ్య ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. గడువు లెక్క, ఆ తర్వాత అప్పీలు, రెండూ ఆ సంఖ్య మీదే నడుస్తాయి. సంఖ్య లేని ఉత్తరం ఎంత బాగా రాసినా ఎవరి గడువూ మొదలవదు. రెండో లోపం, ఆ నంబరు పెద్దాయన పేరు మీద లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు చాలా ఏళ్ల క్రితం తన ఆధార్ మీద తీయించి ఇచ్చాడు. ఎవరెవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్నది చందాదారు సొంత సమాచారం కాబట్టి, ఆ జాబితా పేరున్న మనిషికి తప్ప ఇవ్వం అంటే కంపెనీని తప్పు పట్టలేం. మన ఇళ్లలో సగం నంబర్లు ఇంకొకరి పేరు మీదే ఉంటాయి. తగాదా వచ్చిన రోజున ఇది బయటపడుతుంది.

కొడుకుతో ఫోన్‌లో మాట్లాడాను. మర్నాడు అతనే 198కి ఫోన్ చేసి బిల్లింగ్ ఫిర్యాదు నమోదు చేయించి సంఖ్య తీసుకున్నాడు. అన్ని కంపెనీల్లోనూ ఫిర్యాదులకి 198 ఉచితం.

గడువు దాకా ఆగి బిల్లు కట్టకుండా పోట్లాడదామా అని పెద్దాయన అడిగారు. నేను వద్దన్నాను. ఒప్పుకున్న భాగం మాత్రమే కట్టి, తగాదాలో ఉన్నది ఆపడం కొందరికి కుదురుతుంది. కానీ మార్చి, ఏప్రిల్ అంటే యార్డులో మిర్చి సీజన్. రైతులు, పై రాష్ట్రాల కొనుగోలుదార్లు అందరి దగ్గరా ఉన్నది ఆ ఒక్క నంబరే. ఔట్‌గోయింగ్ రెండు రోజులు ఆగిపోయినా పోయేది 636 రూపాయలకి ఎన్నో రెట్లు. కాబట్టి మొత్తం కట్టి, అభ్యంతరంతో కడుతున్నామని ఉత్తరంలో రాయాలని నిర్ణయించాం.

రెండో ఉత్తరం

ఏప్రిల్ 20న కొడుకు సంతకంతో పంపిన ఉత్తరం ఇది. నంబర్లు తీసేశాను, మాటలు అవే. ఇందులో ఐటమైజ్డ్ బిల్లు అంటే ఒక్కో కాల్‌నీ, ఒక్కో చార్జీనీ విడివిడిగా చూపే బిల్లు.

'విషయం: పోస్ట్‌పెయిడ్ నంబరు …… కి మార్చి 8 నుంచి ఏప్రిల్ 7 వరకు ఐటమైజ్డ్ బిల్లు, చార్జీల ఆధారాలు కోరుతూ. ఫిర్యాదు సంఖ్య …… తేదీ ఏప్రిల్ 19.

అయ్యా,

పై నంబరు నా పేరు మీద ఉంది. గుర్తింపు కార్డు నకలు జతచేశాను. పై కాలానికి వచ్చిన బిల్లులో నెల అద్దె, దాని మీద పన్ను కలిపి 588.82 రూపాయల విషయంలో నాకు అభ్యంతరం లేదు. వినియోగ చార్జీలు 440 రూపాయలు, ఇతర సేవలు 196 రూపాయలు, వాటి మీద పన్ను కలిపి మిగిలిన 750.48 రూపాయలు దేనికి వేశారో బిల్లు చూస్తే తెలియడం లేదు. కాబట్టి ఈ వివరాలు ఇవ్వండి.

ఒకటి. ఈ కాలంలో నా నంబరు నుంచి వెళ్లిన ప్రతి కాల్, ప్రతి ఎస్సెమ్మెస్: తేదీ, మొదలైన సమయం సెకన్లతో సహా, అవతలి నంబరు, ఎన్ని సెకన్లు, ఎన్ని యూనిట్లుగా లెక్కించారు, యూనిట్ ధర, వేసిన మొత్తం. ప్లాన్‌లో ఉచితంగా పోయిన కాల్స్‌ని కూడా వదలకుండా ఇవ్వండి.

రెండు. డేటా: ప్రతి రికార్డు మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎన్ని ఎంబీలు, వీలైతే అప్‌లోడ్, డౌన్‌లోడ్ విడివిడిగా. అది ప్లాన్ కోటాలో పోయిందా, చార్జీకి పోయిందా. కోటా అయిపోతోందని నాకు పంపిన హెచ్చరిక ఎస్సెమ్మెస్‌ల సమయాలు.

మూడు. ఇతర సేవలు: ప్రతి సేవ పేరు, దాన్ని అందించే సంస్థ, మొదలుపెట్టిన తేదీ, సమయం, ఏ దారిలో మొదలైంది, నేను ఇచ్చానంటున్న మొదటి సమ్మతి, రెండో సమ్మతి సెకన్లతో సహా, ఆ తర్వాత ప్రతిసారి కోసిన తేదీ, మొత్తం.

ఆ సేవలన్నిటినీ ఈరోజు నుంచే ఆపండి. ఫిర్యాదు తేలేదాకా ఈ రికార్డులన్నీ భద్రపరచండి. బిల్లు గడువులోగా అభ్యంతరంతో చెల్లిస్తున్నాను. చెల్లించినంత మాత్రాన పై చార్జీలని ఒప్పుకున్నట్టు కాదు.'

మోసం అన్న మాట ఇందులో ఎక్కడా లేదని పెద్దాయన గమనించారు, కొంచెం నొచ్చుకున్నారు కూడా. నేనాయనకి చెప్పింది ఇదే: "బాబాయ్‌గారూ, ఏం జరిగిందో మనకి ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే రాస్తున్నాం. తెలిశాక ఏమనాలో అప్పుడందాం."

మూడు అంశాల్లో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ఉచిత కాల్స్ కూడా అడిగింది ఎందుకంటే, చార్జీ పడ్డ లైను ఒక్కటే చూస్తే అది నిజమో కాదో చెప్పలేం. దాని ముందు, తర్వాత ఆ ఫోన్ ఏం చేస్తోందో తెలియాలి. చాలా ఐటమైజ్డ్ బిల్లుల్లో డబ్బు పడ్డ లైన్లే ఇస్తారు. మనం నోరు తెరిచి అడగకపోతే మిగతావి రావు. సెకన్లు అడిగిన కారణం ఈ కేసులో తర్వాత తెలుస్తుంది. ఇక సమ్మతి రెండుసార్లు అడిగింది ట్రాయ్ 2013 జులైలో ఇచ్చిన ఆదేశం వల్ల. పాటలు, ఆటలు, జాతకాలు లాంటి డబ్బు కోసే సేవ ఏదైనా మొదలవ్వాలంటే చందాదారు రెండుసార్లు ఒప్పుకోవాలి. ఆ రెండో ఒప్పుకోలు సేవ అమ్మేవాడి దగ్గర కాకుండా వేరే వ్యవస్థలో నమోదు కావాలి.

ఉత్తరాన్ని కంపెనీ ఫిర్యాదుల ఈమెయిల్‌కి పీడీఎఫ్‌గా పంపాం. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో వేశాం. రెండోది అవసరమా అంటే, చట్టం అడగదు. కానీ ముట్టిందన్న రుజువు ఉన్న కాగితం వేరే బల్ల మీదికి వెళ్తుందని నా అనుభవం.

31 పేజీలు

మే 2న ఈమెయిల్‌లో 31 పేజీల పీడీఎఫ్ వచ్చింది. డేటాలో అప్‌లోడ్, డౌన్‌లోడ్ విడిగా ఇవ్వలేదు. మిగతావన్నీ ఇచ్చారు. పీడీఎఫ్‌తో వచ్చిన జవాబులో మాత్రం పాత మాటే: చార్జీలు సరైనవే, ఫిర్యాదు ముగిస్తున్నాం.

పెద్దాయన, నేను ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కో చార్జీని పట్టుకున్నాం.

మొదట 210 రూపాయల లైను. మార్చి 21, ఉదయం 6:20కి ప్లస్ తర్వాత 91 కాని అంకెలతో మొదలైన నంబరుకి కాల్. 131 సెకన్లు. నిమిషం యూనిట్ కాబట్టి 3 యూనిట్లు, యూనిట్ 70 రూపాయలు. నేను చెయ్యలేదని ఆయన గట్టిగా అన్నారు. ఫోన్ తీసుకుని కాల్ లాగ్‌లో మార్చి 21 దాకా వెనక్కి వెళ్లాను. 6:12కి అదే నంబరు నుంచి మిస్డ్ కాల్ ఉంది. 6:20కి ఆయన తిరిగి చేసిన కాల్ ఉంది.

"ఆ రోజు గుర్తుందా?"

"ఎవరో లారీ వాళ్లనుకున్నా. ఎంతసేపూ రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. పెట్టేశా."

రింగవుతూనే ఉండటమే అందులో కిటుకు. అవతల కాల్ ఎత్తేసి, రికార్డు చేసిన రింగు శబ్దం వినిపిస్తారు. మనం ఆగినంతసేపు మీటరు తిరుగుతుంది. ఆ డబ్బులో కొంత అవతలి దేశపు నంబరు నడిపేవాడికి చేరుతుంది. ఒక్క రింగు ఇచ్చి పెట్టేసే ఈ దందా ఎన్నో దేశాల్లో ఏళ్లుగా ఉంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంపెనీ ఇచ్చిన జాబితాలో ఆ మిస్డ్ కాల్ లేదు. ఐటమైజ్డ్ బిల్లులో వెళ్లిన కాల్స్ ఉంటాయి, వచ్చినవి ఉండవు. ఇన్‌కమింగ్ వివరాలు పోలీసు దర్యాప్తులోనో, కోర్టు ఆదేశం మీదో తప్ప సాధారణంగా బయటికి రావు. కాబట్టి ఇలాంటి కాల్‌కి కారణం ఫోన్‌లోని లాగ్‌లోనే దొరుకుతుంది. ఆ లాగ్ చెరిపేయకముందే ఫొటో తీసి పెట్టుకోవాలి.

కాల్ నిజంగా ఆయన చేతి మీదుగానే వెళ్లింది. రేటు ప్లాన్‌లో ఉన్నదే. మోసం చేసినవాడు ఎక్కడో ఉన్నాడు గానీ, కంపెనీ బిల్లులో తప్పు లేదు. 210 రూపాయలు, పన్ను 37.80 వదులుకోమన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇలాంటప్పుడు కూడా వాదించి చూద్దాం అనే సలహాదార్లు ఉన్నారు. నాకది నచ్చదు. నిలబడని అంశాన్ని మంచి అంశం పక్కన పెడితే, రెండూ కలిసి కొట్టుకుపోతాయి. ఆ రోజే అంతర్జాతీయ కాల్స్ సౌకర్యం తీయించాం.

రాత్రి రెండు గంటల డేటా

మిగిలిన 230 రూపాయలు డేటావి. ప్లాన్ కోటా 30 జీబీ. వాడింది 41.5. అదనంగా పోయిన 11.5 జీబీకి జీబీ 20 రూపాయల చొప్పున వేశారు.

ఐటమైజ్డ్ బిల్లులో డేటా భాగం చూసి చాలామంది బెదిరిపోతారు. వందల లైన్లు ఉంటాయి. ఫోన్ జేబులో ఉన్న సమయాల్లోనూ, నిద్రపోయిన సమయాల్లోనూ లైన్లు ఉంటాయి. ఆ లైను మనిషి ఫోన్ వాడిన సమయం అనుకుంటే పొరపాటు. ఫోన్ నెట్‌వర్క్‌కి తగిలించుకుని ఉన్నంతసేపు ఒక రికార్డు తెరిచే ఉంటుంది. కొంత సమయానికో, కొంత పరిమాణానికో కంపెనీ యంత్రం దాన్ని మూసి కొత్తది తెరుస్తుంది. ఏ వెబ్‌సైటు, ఏ యాప్ అన్నది అందులో ఉండదు. కాబట్టి లైన్లు ఒక్కొక్కటీ చదివితే ఏమీ అర్థం కాదు. రోజువారీ కూడి, అలవాటుకి భిన్నంగా ఉన్న రోజుల్ని వేరు చేయాలి.

నేను ఆ లైన్లన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి రోజువారీ కూడాను. మామూలు రోజుల్లో 800, 900 ఎంబీల మధ్య ఉంది. నాలుగు రోజులు మాత్రం 4 జీబీ దాటింది. ఆ నాలుగూ సరిగ్గా వారం వారం ఎడంతో ఉన్నాయి, నాలుగింటిలోనూ పెద్ద లైను రాత్రి రెండు గంటలు దాటాకే మొదలైంది. మనిషి ఇలా వాడడు. గడియారం పెట్టుకుని పనిచేసేది యంత్రం.

రాత్రి రెండు అనగానే నాకు తట్టింది వాట్సాప్ బ్యాకప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది తనంతట తాను నడిచే వేళ అదే. పెద్దాయన వాట్సాప్ తెరిచి Settings లోకి, అక్కణ్ణుంచి Storage and data లోకి, Network usage లోకి వెళ్లాను. గూగుల్ నిల్వకి పంపిన లెక్క 15 జీబీ దాటి ఉంది. బ్యాకప్ సెట్టింగులో వారానికోసారి, వైఫై లేకపోయినా మొబైల్ డేటా మీద కూడా, వీడియోలతో సహా అని ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో కొత్త ఫోన్ కొన్నారు. షాపులో కుర్రాడు పాత ఫోన్ నుంచి అన్నీ ఎక్కించి ఇస్తూ ఏదో పెట్టేశాడు. ఇక సీజన్‌లో ఆ ఫోన్‌కి వచ్చేవేమిటంటే, ప్రతి లాటు టిక్కీలు విప్పి, కాయ రంగు, తాలు చూపిస్తూ తీసిన వీడియోలు, పొద్దుటి నుంచి రాత్రి దాకా. వారమంతా చేరిన ఆ వీడియోలన్నీ ఒక రాత్రి మూడున్నర, నాలుగు జీబీలై పైకి వెళ్లేవి.

నాలుగు రాత్రులు కలిపి 15 జీబీ. 41.5లోంచి అది తీసేస్తే ఆయన మామూలు నెల 26.5. లెక్క అతికింది. ఫోన్ చూపే అంకె, కంపెనీ అంకె ఎప్పుడూ అక్షరాలా సమానం కావు. జీబీని లెక్కకట్టే పద్ధతిలో తేడా ఉంటుంది, కంపెనీ రికార్డుల్ని పైకి సవరించే తీరులో తేడా ఉంటుంది. కొద్ది శాతం తేడాని పట్టుకుని పోరాడకండి. కోటా హెచ్చరికల సమయాలు కూడా పీడీఎఫ్‌లో ఉన్నాయి. ఆ మెసేజిలు ఫోన్‌లో ఉన్నాయి కూడా. ఇంగ్లీషులో వచ్చాయి, ఆయన తెరవలేదు.

ఇది కూడా వదిలేశాం. సెట్టింగు వైఫైకి మాత్రమే మార్చి, వీడియోలు బ్యాకప్‌లో చేరకుండా తీసేశాను.

ఒక్క సెకను

మిగిలింది 196. ఇది నాలుగు కోతలు: మార్చి 12, 19, 26, ఏప్రిల్ 2. ఒక్కోటి 49 రూపాయలు. ఏదో ఆటల సేవకి వారం చందా. సమ్మతి వివరాలు ఒకే వరసలో ఇచ్చారు: దారి ఇంటర్నెట్ పేజీ, మొదటి సమ్మతి మార్చి 12 ఉదయం 11:46:09, రెండో సమ్మతి 11:46:10.

ఇది చూడగానే కుర్చీలో ముందుకి జరిగాను. రెండో సమ్మతి అంటే వేరే పేజీ రావాలి. అందులో సేవ పేరు, ధర, ఎన్ని రోజులు అన్నది కనపడాలి. చదివి, ఒప్పుకుని నొక్కాలి. పేజీ తెరుచుకోవడానికే సెకను సరిపోదు. ఇక్కడ మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య ఉన్నది సెకను.

తర్వాత కాల్స్ జాబితాలో అదే రోజుకి వెళ్లాం. మార్చి 12, ఉదయం 11:41:52కి కోల్‌కతా కొనుగోలుదారుకి కాల్. 560 సెకన్లు. అంటే 11:51:12 దాకా నడిచింది. ప్లాన్‌లో ఉచితంగా పోయిన కాల్ అది, మామూలు ఐటమైజ్డ్ బిల్లులో వచ్చేది కాదు. సేవకి ఒప్పుకున్నారని కంపెనీ చెబుతున్న క్షణంలో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆయన క్వింటా ధర మాట్లాడుతున్నారని కంపెనీ కాగితమే చెబుతోంది.

మరి ఎలా మొదలైంది? మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు మన నంబరు కంపెనీ వ్యవస్థకి దానంతటదే తెలుస్తుంది. నంబరు కొట్టక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, ఒక్క నొక్కు చాలు. ఫోన్‌లో ఉన్న ఏదో ఉచిత యాప్‌లోనో, వెనక తెరిచి ఉన్న పేజీలోనో ప్రకటన ఆ నొక్కుల్ని తనే పంపగలదు. వైఫై మీద ఉన్నప్పుడు ఈ దారి మూసుకుపోతుంది. ఆయన ఫోన్‌లో టార్చి కోసం వేసిన ఒక యాప్, వాల్‌పేపర్ల యాప్ ఒకటి ఉన్నాయి. ఏది చేసిందో నేను తేల్చలేదు, రెండూ తీసేశాను. ఎవరు నొక్కారో రుజువు చెయ్యడం మన పని కూడా కాదు. ఆయన ఒప్పుకున్నారని చూపాల్సింది చార్జీ వేసినవాళ్లు.

ఇక్కడ మనకి వ్యతిరేకంగా ఉన్నదాన్నీ చెప్పాలి. కాల్ నడుస్తుండగా కూడా ఈ రోజు ఫోన్లలో డేటా పనిచేస్తుంది. స్పీకర్ పెట్టి మాట్లాడుతూ తెర నొక్కడం అసాధ్యం కాదు. కాల్ ఒక్కటే ఉంటే వాదన సగమే నిలుస్తుంది. సెకను తేడా ఒక్కటే ఉన్నా, యంత్రాల గడియారాల్లో తేడా అంటారు. రెండూ ఒకే చోట కలిసినందుకే ఈ కేసు గట్టిపడింది. అలాగే సేవ మొదలైందని, ధర ఇంత అని ఒక ఎస్సెమ్మెస్ ఆయనకి వచ్చింది. కంపెనీ దాన్ని ముందు పెట్టింది. మొదలయ్యాక చెప్పడం సమాచారం ఇవ్వడమే అవుతుంది, ఒప్పుకోలు తీసుకున్నట్టు కాదని మేం రాశాం. ఆ మెసేజి చూసిన వెంటనే 155223కి ఫోన్ చేసి సేవ ఆపించుకుని ఉంటే నాలుగు కోతల్లో మూడు తప్పేవన్నది కూడా నిజమే. ఆ నంబరు అన్ని కంపెనీలకీ ఒకటే, ఉచితం.

అప్పీలు

ఫిర్యాదుల కేంద్రం ముగించేసిన ఫిర్యాదుని 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పంపొచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. బిల్లింగ్ ఫిర్యాదుకి మొదటి దశలో గడువు నాలుగు నుంచి ఆరు వారాలు. జవాబు రాకపోయినా, ఆ గడువు దాటిన రోజు నుంచి అప్పీలు హక్కు ఉంటుంది. నేరుగా ట్రాయ్‌కి రాద్దామని చాలామంది అంటారు. ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ తేల్చదు, కంపెనీకే పంపుతుంది. అక్కడ నెలలు పోతాయి, ఇక్కడ 30 రోజులు దాటిపోతాయి.

మే 9న అప్పీలు పంపాం. అర పేజీ. అంతర్జాతీయ కాల్, డేటా చార్జీల వివరం చూసుకున్నాం, వాటి మీద అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాం అని మొదటి వాక్యం. మీ పీడీఎఫ్‌లో ఫలానా పేజీలో రెండు సమ్మతుల మధ్య తేడా ఒక సెకను, ఫలానా పేజీలో అదే సమయంలో 560 సెకన్ల కాల్ అని రెండో వాక్యం. రెండో సమ్మతి పేజీలో చందాదారుకి కనపడిన తెర బొమ్మ, దాన్ని నమోదు చేసిన వ్యవస్థ రికార్డు చూపండి, చూపలేకపోతే 196 రూపాయలు, దాని మీద జీఎస్టీ 35.28 వెనక్కి ఇవ్వండి అని మూడోది. ఆ రెండు పేజీల మీద ఆ లైన్లకి పచ్చ రంగు పూసి జతచేశాం.

తెర బొమ్మ రాలేదు. జూన్ 6న అప్పీలు జవాబు వచ్చింది: సద్భావంతో 196 రూపాయలు జమ చేస్తున్నాం. తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకోమని మేమూ పట్టుబట్టలేదు. తర్వాతి బిల్లులో 196 జమ పడింది, పన్ను పడలేదు. ఇది తరచూ జరిగేదే, చాలామంది చూసుకోరు. చార్జీ వాపసు ఇస్తే దాని మీద వేసిన జీఎస్టీ కూడా తగ్గాలి. అదే ఫిర్యాదు సంఖ్య మీద రెండు వాక్యాల ఈమెయిల్ పంపితే, ఆ పై నెల 35.28 వచ్చింది.

అప్పీలులో ఓడిపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాళ్లం. ఫోన్ కంపెనీల మీద కమిషన్‌కి వెళ్లకూడదని కొందరు వకీళ్లు ఇప్పటికీ చెబుతారు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఆ మాట అంది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, ఫోన్ సేవల తగాదాలు కూడా కమిషన్ వినొచ్చని స్పష్టం చేసింది. ఐదు లక్షల లోపు కేసులకి కమిషన్‌లో రుసుము లేదు. 196 రూపాయలకి అంతదూరం వెళ్తారా అంటే, ఆయన వెళ్లేవారు. నేనూ వెంట వెళ్లేవాణ్ణి.

ప్రీపెయిడ్ అయితే

దీన్ని చదివేవాళ్లలో ఎక్కువమందివి ప్రీపెయిడ్ నంబర్లే కాబట్టి ఒక మాట. ప్రీపెయిడ్‌కి బిల్లు రాదు గనక ఐటమైజ్డ్ వివరాలు అడగలేం అనుకుంటారు. అడగొచ్చు. 2012లో ట్రాయ్ తెచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల్లో దీనికి చోటుంది. గడిచిన ఆరు నెలల్లో ఏ కాలానికైనా వినియోగ వివరాలు అడగొచ్చు, కంపెనీ 50 రూపాయలకి మించి తీసుకోకూడదు, అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. పై ఉత్తరంలోని మూడు అంశాలూ అలాగే పనికొస్తాయి. బిల్లు మొత్తాలు రాసిన చోట, బ్యాలెన్సులోంచి ఏ తేదీన ఎంత తగ్గిందో రాయాలి. ఆ తేదీ తెలియాలంటే బ్యాలెన్సు తగ్గిందని వచ్చిన ఎస్సెమ్మెస్ ఉండాలి. ఆరు నెలల హద్దు గట్టిది. ఉగాదికి పోయిన డబ్బు గురించి దసరా దాటాక అడిగితే దారి దాదాపు మూసుకుపోతుంది.

పెద్దాయన జులైలో మళ్లీ వచ్చారు, యార్డులో పక్క కొట్టు గుమాస్తాని వెంటబెట్టుకుని. అతని ప్రీపెయిడ్ నంబరులో మూడు వారాలుగా గురువారం గురువారం 49 రూపాయలు పోతున్నాయి. అతను చెప్పడం మొదలుపెట్టేలోపు పెద్దాయనే అడిగారు: "ముందు నీ నంబరు ఎవరి పేరు మీద ఉందో చెప్పు అబ్బాయ్."